ఏ బట్టకి ఎంత వేడి? పట్టు, సింథటిక్ బట్టల ఇస్త్రీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బట్ట మీద మెరుపు రావడం, కాలిపోవడం రెండూ ఒకటేనా?

కాదు. ఇస్త్రీలో వచ్చే తిప్పలన్నీ ఈ రెండింటినీ కలిపేసి చూడడం వల్లే వస్తాయి.

మాడడం అంటే వేడి ఎక్కువై, లేదా వేడి ఒకేచోట ఎక్కువసేపు నిలిచి దారం చెడిపోవడం. కాటన్, పట్టు, ఊలు కరగవు. ముందు పసుపెక్కుతాయి, తర్వాత గోధుమరంగుకి తిరుగుతాయి, ఆ తర్వాత ముట్టుకుంటే పొడిపొడిగా రాలతాయి.

మెరుపు వేరే సంగతి. పాలిస్టర్, నైలాన్ లాంటివి ప్లాస్టిక్ నుంచి తీసిన దారాలు. పాలిస్టర్ కరగడానికి దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ కావాలి. కానీ మెత్తబడడానికి 80 డిగ్రీలు చాలు. మెత్తబడిన దారాన్ని బరువైన, నున్నటి లోహంతో నొక్కితే గుండ్రంగా ఉన్న దారం పైభాగం చదునుగా అణిగిపోతుంది. చల్లారాక అలాగే గట్టిపడుతుంది. అణిగిన చోట వెలుతురు చెదరకుండా తిన్నగా కంటికి కొడుతుంది. మనకి కనిపించే మెరుపు అదే. అంటే బట్ట ఎక్కడా కాలకపోయినా మెరుపు రావచ్చు. అందుకే "డయల్ తక్కువలోనే పెట్టాను, అయినా మెరిసింది" అని చాలామంది తల పట్టుకుంటారు. అక్కడ తప్పు ఒక్క వేడిదే కాదు, నొక్కుడుదీ, లోహం నేరుగా తగలడానిదీ.

కాబట్టి మాడకుండా చూసుకోవడానికి వేడి తగ్గించాలి, చెయ్యి ఆగకూడదు. మెరవకుండా చూసుకోవడానికి బట్ట తిరగెయ్యాలి, మధ్యలో గుడ్డ అడ్డం పెట్టాలి, బరువు మోపకూడదు. కింద చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

డయల్ మీద పేర్లు, బట్టల లేబుల్ మీద చుక్కలు. వీటిని ఎలా చదవాలి?

లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే అడుగు వేడి 110 డిగ్రీలు దాటకూడదని అర్థం. రెండు చుక్కలంటే 150, మూడు చుక్కలంటే 200. బొమ్మ మీద ఇంటూ గుర్తు ఉంటే అసలు ఇస్త్రీ వద్దని.

నైలాన్, అక్రిలిక్ ఒక చుక్క కిందకి వస్తాయి. పాలిస్టర్, పట్టు, ఊలు రెండు చుక్కల కిందకి. కాటన్, లినెన్ మూడు చుక్కలకి. పట్టుకి మాత్రం నేను రెండో చుక్క దాకా వెళ్లను, ఒకటికీ రెండుకీ మధ్యలో ఆపుతాను. మన చీరల్లో పట్టు ఒక్కటే ఉండదు. జరీ ఉంటుంది, ఫాల్ ఉంటుంది. వాటికీ ఆ వేడి పడాలి కదా.

రెండు రకాల దారాలు కలిసిన బట్టకి, తక్కువ వేడి తట్టుకునే దారానికి ఎంతో అంతే పెట్టాలి. 80 శాతం కాటన్, 20 శాతం పాలిస్టర్ అని రాసి ఉన్నా అది పాలిస్టర్ బట్ట కిందే లెక్క.

డయల్ సరిగ్గా సిల్క్ దగ్గరే పెట్టాను. అయినా మొదటి మడత పసుపెక్కింది. ఎందుకు?

మొదటి మడత అన్నారు కాబట్టి కారణం దాదాపు తెలిసిపోయినట్టే. ఇళ్లలో వాడే మామూలు డ్రై ఐరన్‌లో వేడిని అదుపు చేసేది లోపలి థర్మోస్టాట్. స్విచ్ వేయగానే కాయిల్ పూర్తి బలంతో వేడెక్కుతుంది. అనుకున్న వేడి రాగానే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది, లైటు ఆరిపోతుంది. కానీ కాయిల్‌లో అప్పటికే ఉన్న వేడి ఇంకా అడుగు పలకలోకి దిగుతూనే ఉంటుంది. అందువల్ల లైటు మొదటిసారి ఆరిన వెంటనే అడుగు ఉండాల్సిన దానికంటే ఎక్కువ వేడిగా ఉంటుంది. చాలామంది సరిగ్గా ఆ నిమిషంలోనే "వేడెక్కింది" అనుకుని పెట్టె చీర మీద పెడతారు.

లైటు ఒకసారి ఆరి, మళ్లీ వెలిగి, రెండోసారి ఆరేదాకా ఆగండి. అప్పటికి వేడి ఒక దారికి వస్తుంది. తర్వాత కూడా ముందు ఒక పాత కాటన్ గుడ్డ మీద ఒకసారి లాగి, ఆ తర్వాత చీర లోపలి వైపు కొంగు చివర కనిపించని మూల ఒకటి చూసుకోండి.

ఇంకో కారణం, ఇస్త్రీ చేసే వరుస. ముందు కాటన్ చొక్కాలు చేసి, డయల్ తగ్గించి వెంటనే పట్టు అందుకుంటే డయల్ మాత్రమే తగ్గింది, అడుగు తగ్గలేదు. పెట్టె వేడెక్కినంత తొందరగా చల్లారదు. ముందు నైలాన్, పాలిస్టర్, తర్వాత పట్టు, చివర కాటన్. ఈ వరుస పాటిస్తే డయల్ ఎప్పుడూ పైకే తిప్పుతారు, చల్లారే దాకా కాచుకునే పనే ఉండదు.

లేబుల్ లేదు, షాపులో "సెమీ" అన్నారు. పట్టో పాలిస్టరో ఎలా తెలుసుకోవాలి?

చీర కొంగు చివరి కుచ్చుల నుంచో, బ్లౌజు అయితే లోపలి కుట్టు మార్జిన్ నుంచో ఒక దారం లాగండి. నిలువు దారం ఒకటి, అడ్డ దారం ఒకటి తీయండి, ఎందుకంటే రెండూ వేరేవి అయ్యుండొచ్చు. చిమటాతో పట్టుకుని, కింద నీళ్ల గిన్నె పెట్టుకుని నిప్పు అంటించండి.

వెంట్రుక కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, మిగిలిన నల్లటి ముద్ద వేళ్లతో నలిపితే పొడి అయిపోతే అది పట్టు. మంటకి దూరంగా ముడుచుకుపోతూ, కరిగి, చల్లారాక గోటితో కూడా నలగని గట్టి పూస మిగిలితే పాలిస్టర్ లేదా నైలాన్. కాగితం కాలిన వాసనతో చకచకా కాలి బూడిద మిగిలితే కాటన్ లేదా రేయాన్. "ఆర్ట్ సిల్క్" అని అమ్మేది చాలాసార్లు ఈ రేయానో, లేదంటే పాలిస్టరో అవుతుంది.

సిల్క్ మార్క్ లేబుల్ ఉన్న చీరకి ఈ పరీక్ష అక్కర్లేదు. అయితే ఆ గుర్తు పట్టు గురించే హామీ ఇస్తుంది. జరీ ఎలాంటిదో దాన్ని బట్టి తెలియదు.

పట్టుచీర ఇంట్లో ఇస్త్రీ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. పెళ్లికి కట్టి విప్పిన చీరకి ముడతలు తీయడానికి ప్రతిసారీ రోలింగ్‌కి ఇవ్వాల్సిన పనిలేదు. కానీ కూర్చుని చేసే పని కాదు. అయిదున్నర మీటర్ల చీర నేల మీదో చిన్న బల్ల మీదో వేలాడుతూ ఉంటే ఒకవైపు సరిచేస్తుంటే ఇంకోవైపు నలుగుతుంది. మంచం మీద దళసరి దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద తెల్లటి పాత పంచె పరిచి చేయడం హాయి. కింద మెత్తగా ఉంటే జరీ బుట్టాలు దుప్పటిలోకి దిగుతాయి, అణిగిపోవు. గట్టి బల్ల మీద చేస్తే పెట్టెకీ బల్లకీ మధ్య బుట్టా నలిగిపోతుంది.

చీరని తిరగేసి, ముందు మడతలు లేకుండా చేత్తో సాపు చేయండి. పైన అడ్డు గుడ్డ పరచండి. రంగు వేయని, గంజి పెట్టని, బాగా ఉతికిన పల్చటి కాటన్ గుడ్డ అయితే చాలు. రంగు గుడ్డ వేడికి తన రంగు చీరకి అంటించగలదు. గంజి ఉన్న గుడ్డ అయితే ఆ గంజే మాడి మరక చేస్తుంది.

పెట్టెని గుడ్డ మీద పెట్టి, ముడత మొండిగా ఉంటే ఎత్తి పక్కన పెట్టి మళ్లీ దించండి. ముందుకీ వెనక్కీ రుద్దడం కాటన్‌కి సరిపోతుంది గానీ పట్టులో అడ్డ దారాలు పక్కకి జరిగి అలలు అలలుగా కనిపిస్తాయి. ఒక్కోచోట రెండు మూడు సెకన్లు చాలు. మధ్యలో ఫోను మోగితే పెట్టె నిలబెట్టే వెళ్లండి.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఫాల్. చీర తిరగేస్తే పెట్టెకి ముందు ఎదురయ్యేది ఫాలే. చీర పట్టే అయినా ఫాల్ గుడ్డలో పాలిస్టర్ కలిసి ఉండడం మామూలే. వేడికి అది కాస్త ముడుచుకుంటే దానితో పాటు కుట్టిన అంచు మొత్తం ముడతలు పడుతుంది. అది చూసి అంచు సాఫీ కాలేదనుకుని ఇంకా వేడి పెంచుతారు, అది ఇంకా ముడుచుకుంటుంది. ఫాల్ ఉన్న ఆ దాదాపు రెండున్నర మీటర్ల దూరం మాత్రం వేడి ఇంకొంచెం తగ్గించి, అడ్డు గుడ్డ రెండు మడతలు వేసి చేయండి.

పట్టు మీద నీళ్లు చల్లొచ్చా? స్టీమ్ ఐరన్ వాడొచ్చా?

చల్లకండి. చుక్క పడినచోట బట్టలోని గంజి, గమ్, దుమ్ము కరిగి చుక్క అంచుకి చేరతాయి. ఆరాక అక్కడ గుండ్రటి గీత మిగులుతుంది. తడి కావాలంటే సమానంగా ఇవ్వాలి. తడిపి గట్టిగా పిండిన కాటన్ గుడ్డ పైన పరిచి, దాని మీద నుంచి ఇస్త్రీ చేస్తే చీరకి కావాల్సినంత తేమ ఆవిరిగా వెళుతుంది. అది కూడా జరీ లేని బాడీ భాగానికే.

స్టీమ్ ఐరన్ విషయంలో ఒక తిరకాసు ఉంది. ఆవిరి రావాలంటే అడుగు బాగా కాలాలి. చాలా పెట్టెల్లో స్టీమ్ గుర్తు రెండు చుక్కల దగ్గరో ఆ పైనో మొదలవుతుంది. మనం పట్టు కోసం డయల్ తగ్గించి స్టీమ్ బటన్ నొక్కితే లోపలికి దిగిన నీళ్లు ఆవిరి కాకుండా చుక్కలుగా చీర మీద ఉమ్మేస్తుంది. బోరు నీళ్లు పోసిన పెట్టె అయితే ఆ చుక్కతో పాటు తెల్లటి సున్నమో, గోధుమరంగు తుప్పో కూడా వస్తుంది. కాబట్టి పట్టుకి స్టీమ్ ఆపేసి, ట్యాంకు ఖాళీ చేసి, డ్రై ఐరన్ లాగా వాడుకోవడం మేలు. హ్యాంగర్‌కి వేలాడదీసి దూరం నుంచి ఆవిరి పట్టే గార్మెంట్ స్టీమర్ అయితే పల్చటి పట్టుకి బాగానే పనిచేస్తుంది, చుక్కలు కారకుండా చూసుకోవాలి అంతే.

జరీ మీద ఇస్త్రీ పెడితే నల్లబడుతుందా?

జరీ మూడు రకాలుగా ఉంటుంది. అసలు జరీలో పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూస్తారు. తక్కువ ధరలో దొరికే జరీలో వెండికి బదులు రాగి తీగ ఉంటుంది. మూడోది ప్లాస్టిక్ జరీ, అంటే పాలిస్టర్ ఫిల్మ్ మీద లోహపు పూత పూసి సన్నగా కత్తిరించిన దారం. షాపుల్లో మెరిసిపోయే తక్కువ ధర చీరల్లో ఉండేది ఎక్కువగా ఇదే.

మొదటి రెండింటికీ శత్రువు తడి. తడి ఉండగా వేడి చేసి, ఆరకుండానే మడిచి బీరువాలో పెడితే నల్లబడుతుంది, రాగి జరీ అయితే ఇంకా తొందరగా. మూడో రకానికి నల్లబడే బాధ తక్కువ, కానీ వేడికి ముడుచుకుంటుంది. ముడుచుకున్న జరీ మళ్లీ సాగదు, బార్డర్ నూలు గుడ్డ ఉతికితే ముడుచుకున్నట్టు కుచించుకుపోతుంది. ఏ రకమో తెలియనప్పుడు ప్లాస్టిక్ అనుకునే చేయండి. ఒక చుక్క వేడి, తిరగేసి, పొడి గుడ్డ అడ్డంతో.

గద్వాల్ చీర బాడీ కాటన్, అంచు పట్టు. దీనికి ఏ వేడి పెట్టాలి?

అన్ని చీరల్లోకీ ఇస్త్రీకి ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే, అందుకే విడిగా చెబుతాను. గద్వాల్‌లో సంప్రదాయంగా బాడీ కాటన్‌తో నేస్తారు, అంచులూ కొంగూ పట్టుతో నేసి కుట్టు పద్ధతిలో బాడీకి కలుపుతారు. అంటే ఒకే చీరలో 200 డిగ్రీలు తట్టుకునే బట్ట, దాన్ని ఆనుకునే 150కే పసుపెక్కడం మొదలుపెట్టే బట్ట ఉన్నాయి. సిల్క్ మీద పెడితే కాటన్ ముడత లేవదు. కాటన్ మీద పెడితే అంచు పోతుంది.

దీన్ని రెండు విడతలుగా చేయాలి. ముందు డయల్ సిల్క్ కంటే కొంచెం తక్కువలో పెట్టి, చీర మొత్తం తిరగేసి, రెండు అంచులూ కొంగూ పొడి గుడ్డ అడ్డంతో పూర్తి చేయండి. ఫాల్ ఉన్న వైపు పైన చెప్పినట్టే. తర్వాత ఒక పది నిమిషాలు చీరని మంచం మీద పరిచి వదిలేయండి. రెండో విడతలో డయల్ కాటన్ దాకా వద్దు, ఊలు దగ్గర పెట్టండి. ఆ తక్కువ వేడిని తేమతో పూడ్చుకుంటాం. గట్టిగా పిండిన తడిగుడ్డని బాడీ మీద మాత్రమే, అంచుకి నాలుగు వేళ్ల దూరం వదిలి పరచండి. గుడ్డ మీద నుంచి ఇస్త్రీ చేస్తే ఆవిరికి కాటన్ ముడతలు లేచిపోతాయి. తర్వాత గుడ్డ తీసేసి, బాడీ పూర్తిగా ఆరేలా నేరుగా ఒకసారి లాగండి. పెట్టె మొన అంచు వైపు కాకుండా, చీర పొడవునా కదిలితే పొరపాటున కూడా పట్టు మీదకి ఎక్కదు.

కుట్టు కలిసే గీత దగ్గర చిన్నచిన్న ముడతలు మిగులుతాయి. కాటన్ తడిస్తే కాస్త కుంచించుకుంటుంది, పట్టు అంతగా కుంచించుకోదు, అందుకే ఆ తేడా. వాటిని వేడితో తీయాలని చూడకండి. చేత్తో అంచుని కొద్దిగా లాగి పట్టుకుని పెట్టె వెచ్చదనం తగిలిస్తే తగ్గినంత తగ్గుతాయి. మిగతావి కట్టుకున్నప్పుడు ఎవరికీ కనిపించవు.

సికో గద్వాల్ అయితే బాడీలోనూ పట్టు కలిసి ఉంటుంది. దానికి ఈ రెండో విడత వద్దు, చీర మొత్తం పట్టు లాగే చేయండి.

పాలిస్టర్ జార్జెట్, క్రేప్ చీరలు, చున్నీలు?

వీటికి నిజానికి ఇస్త్రీ పెద్దగా అక్కర్లేదు. ఉతికాక గట్టిగా పిండకుండా హ్యాంగర్‌కి వేలాడదీస్తే సగం ముడతలు పోతాయి. చేయాల్సి వస్తే ఒక చుక్క వేడితో మొదలుపెట్టి, సరిపోకపోతేనే కొంచెం పెంచండి. తిరగేసి, గుడ్డ అడ్డంతో చేయాలి.

జార్జెట్, క్రేప్‌లకి ఆ గరుకు అందం దారానికి పెట్టిన గట్టి మెలిక వల్ల వస్తుంది. బరువు మోపితే ఆ గరుకు అణిగిపోయి అక్కడక్కడా నున్నటి పట్టీలు కనిపిస్తాయి. చీర కాలలేదు, కానీ పెట్టె నడిచిన దారి తెలుస్తుంది.

చేసిన వెంటనే మడవకండి. పాలిస్టర్ వేడిగా ఉండగా ఏ ఆకారంలో ఉంటే చల్లారాక అదే ఆకారంలో నిలుస్తుంది. వేడి మీద మడిచిన మడత తర్వాత ఇస్త్రీతో కూడా సరిగా పోదు. అయిదు నిమిషాలు వేలాడదీసి మడవండి.

నల్ల ప్యాంటుకి వెనక, జేబుల దగ్గర, కుట్ల మీద మెరుపు వస్తోంది.

ఆఫీసు ప్యాంట్లు, కాలేజీ యూనిఫాం ప్యాంట్లు ఎక్కువగా పాలిస్టర్, విస్కోస్ కలిసిన సూటింగ్‌తో కుడతారు. మెరుపు మొదట కనిపించేది బట్ట ఎత్తుగా ఉన్నచోటే. కుట్టు లోపల నాలుగు పొరలు ఉంటాయి, జేబు అంచు దగ్గర అంతకంటే ఎక్కువ. పెట్టె బరువంతా ఆ ఎత్తు మీదే పడుతుంది. ముదురు రంగులో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ప్యాంటుని తిరగేసి కుట్లు తెరిచి ముందు లోపలి నుంచి చేయండి. కుట్టు మార్జిన్ కింద, అంటే మార్జిన్‌కీ ప్యాంటు గుడ్డకీ మధ్య, ఒక దళసరి కాగితం ముక్క దూర్చితే ఆ అంచు పైకి అచ్చు పడదు. తర్వాత పైకి తిప్పి, క్రీజు ఒక్కటే తడిగుడ్డ అడ్డం పెట్టి నొక్కండి. పైవైపు నేరుగా పెట్టె తగిలే అవసరం ఎక్కడా రాదు. వెనక కూర్చునే చోట వచ్చే మెరుపు కొంత రాపిడి వల్ల కూడా వస్తుంది, దానికి ఇస్త్రీని తప్పుపట్టలేం.

పిల్లల టెరికాటన్ యూనిఫాం?

పాలిస్టర్ వేడి పెట్టండి, బట్ట కొంచెం పచ్చిగా ఉండగానే చేయండి. కాలరు, బటన్ పట్టీ లోపలి వైపు నుంచి. అంతే.

రేయాన్ కుర్తీలు?

రేయాన్ కరగదు, కానీ తడిగా ఉన్నప్పుడు దారం బలహీనంగా ఉంటుంది, లాగితే సాగిపోతుంది. కొంచెం చెమ్మ ఉండగా, తిరగేసి, రెండు చుక్కల వేడితో, లాగకుండా చేయండి. ముదురు రంగు రేయాన్ కూడా పైవైపు చేస్తే మెరుస్తుంది.

మగ్గం వర్క్ బ్లౌజు ఎలా?

వర్క్ ఉన్నవైపు కింద పడేలా, దళసరి టర్కీ టవల్ మీద బోర్లా వేసి, లైనింగ్ వైపు నుంచి చేయాలి. పూసలు, కుందన్లు టవల్ నూలులోకి దిగిపోతాయి. ఇక్కడ జనం మోసపోయేది లైనింగ్ దగ్గర. లైనింగ్ కాటనే కదా అని కాటన్ వేడి పెడతారు. ఆ వేడి లైనింగ్ దాటి వెళ్లి, చమ్కీలని ముడిచేస్తుంది, అంటించిన కుందన్ల గమ్ మెత్తబడి రాళ్లు జారతాయి. చేతులకి, వీపుకి బరువుగా వర్క్ ఉన్నచోట అసలు పెట్టె పెట్టకుండా, వర్క్ లేని చోట్ల మాత్రమే మొనతో చేయడమే నయం.

ఇస్త్రీ బండి దగ్గర పట్టుచీర ఇవ్వొచ్చా?

చేసేవాళ్ల చేతిని బట్టి ఉంటుంది. బొగ్గుల పెట్టెకీ, ఇప్పుడు వచ్చిన గ్యాస్ పెట్టెకీ మన ఇంటి పెట్టెలా డయల్ ఉండదు. అనుభవం ఉన్నవాళ్లు వేడిని కొలిచే తీరు చూడాల్సిందే. తడివేలితో అడుగు మీద చుక్క విదిలిస్తారు. చుక్క అక్కడే కూర్చుని చిన్నగా ఉడికి ఆరిపోతే వేడి నూరు పైచిలుకు, సింథటిక్‌కి సరిపోతుంది. చురచురమని వెంటనే ఇగిరిపోతే మధ్యస్థం. పూసలా గుండ్రంగా అయ్యి గెంతుతూ జారిపోతే అది కాటన్ వేడి. వేడి ఎక్కువైతే తడి గోనె మీద ఒకసారి లాగి తగ్గిస్తారు.

బొగ్గుల పెట్టె బరువే సమస్య. నాలుగైదు కిలోల పైనే ఉంటుంది, గుడ్డ అడ్డం లేకపోతే మనిషి నొక్కకపోయినా పెట్టె నొక్కుతుంది. కొత్త బొగ్గులు వేసిన వెంటనే అయితే నిప్పురవ్వ పడే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మూటలో కలిపేయకుండా విడిగా ఇచ్చి, "అన్నా, ఇది పట్టు. ఉల్టా వేసి, గుడ్డ అడ్డం పెట్టి చెయ్యి, నీళ్లు కొట్టకు" అని నోరు విప్పి చెప్పండి. చెప్పకుండా ఇచ్చి తర్వాత గొడవపడితే లాభం లేదు. నైలాన్ చీరలు మాత్రం నేను బండికి ఇవ్వను.

మెరుపు వచ్చేసింది. పోతుందా?

ముందు గోటితో గీకి చూడండి. బట్ట మామూలు మెత్తదనంతోనే ఉండి మెరుస్తుంటే దారాలు అణిగాయి అంతే. గట్టిగా, ప్లాస్టిక్ అట్టలా తగిలితే దారాలు కరిగి అతుక్కున్నాయి, అది ఇక పోదు.

అణిగిన మెరుపుకి తడిగుడ్డ పరిచి, పెట్టెని గుడ్డకి ఆనీ ఆననట్టు పట్టుకుని ఆవిరి లోపలికి వెళ్లనివ్వండి. గుడ్డ తీసి, బట్ట చెమ్మగా ఉండగానే మెత్తటి బ్రష్‌తో పైకి లేపినట్టు దువ్వండి. ఊలు ప్యాంటు, కోటు అయితే గ్లాసు నీళ్లలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి ఆ గుడ్డని తడపండి, ఊలు నూలు బాగా తేరుకుంటుంది. పాలిస్టర్ కొంతవరకే తేరుకుంటుంది. పట్టు మీద బ్రష్ వద్దు, ఆవిరి చూపించి వదిలేయండి.

లేత పసుపు మరక పడింది. తీయొచ్చా?

తెల్ల కాటన్ మీద పైపైన పడ్డ పసుపు అయితే అవకాశం ఉంది. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా మీద శాతం చూడండి. 6 శాతం అయితే అంతే నీళ్లు కలిపి 3 శాతానికి తెచ్చుకోండి. చిన్న గుడ్డ అందులో ముంచి మరక మీద వేసి ఎండలో పెట్టండి. గుడ్డ ఆరితే మళ్లీ తడపండి. మరక లేతబడ్డాక మామూలుగా ఉతకండి. రంగు బట్ట మీద ఇది వద్దు, రంగు వెలిసిపోతుంది. జరీ ఉన్న చోట అసలే వద్దు.

గోధుమరంగు దాటితే దారమే చెడింది. మరక పోయినా తర్వాతి ఉతుకులో అక్కడ చిరుగు పడుతుంది. పట్టుచీర కొంగు మీద అలా అయితే రఫూ చేసేవాళ్ల దగ్గరకో, అంచు పాడైతే అంచు మార్చే వాళ్ల దగ్గరకో తీసుకెళ్లడమే.

పెట్టె అడుగుకి గంజో, కరిగిన పాలిస్టరో అంటుకుంది. శుభ్రం చేయడం ఎలా?

దీన్ని వదిలేస్తే తర్వాతి తెల్లచొక్కా మీద నల్లగీత ఖాయం. అంటుకున్నది ఏదో చూసి పని మొదలుపెట్టండి.

గంజి మాడి గోధుమరంగుగా అట్ట కట్టి ఉంటే ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, వంటసోడాని కొంచెం నీళ్లతో ముద్ద చేసి రాసి, మెత్తటి గుడ్డతో రుద్దండి. స్టీమ్ రంధ్రాల్లో సోడా ఇరుక్కోకుండా తడిగుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ అయితే చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది, రాదు. పెట్టెని మెత్తబడేంత వరకే వేడి చేసి, ప్లగ్ తీసి, చెక్క గరిటె అంచుతో నెట్టి, దళసరి కాటన్ గుడ్డ మీద లాగండి.

పారాసిటమాల్ బిళ్ల రుద్దే చిట్కా అందరికీ తెలుసు, అది పనిచేస్తుంది కూడా. వేడి అడుగు మీద బిళ్ల కరిగి మాడిన పొరని వదులు చేస్తుంది. కానీ ఘాటైన పొగ వస్తుంది. చేస్తే కిటికీ తెరిచి, బిళ్లని పటకారుతో పట్టుకుని చేయండి, చేత్తో కాదు. నాన్‌స్టిక్ అడుగు మీద స్టీలు పీచు, గరుకు కాగితం ఏ పరిస్థితిలోనూ వాడకండి. గీతలు పడిన అడుగు పట్టు దారాలని పట్టి లాగుతుంది, తర్వాత డయల్ ఎంత జాగ్రత్తగా తిప్పినా చీర మీద పోగులు లేస్తూనే ఉంటాయి.